ఒక అల్విదా, మూడు ముసాయిదాలు

ఇరవై ఏళ్లకు పైగా నా కాపీలు దిద్దిన పెద్దాయన మొన్న నెలాఖరున రిటైరయ్యారు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకో ముందుకు వెళ్లేకొద్దీ మీకే తెలుస్తుంది. ఎప్పుడూ సార్ అనే పిలిచాను, ఇక్కడా అలాగే పిలుస్తాను.

నాలుగు రోజుల ముందు ఆఫీసు కుర్రాళ్లు ఫోన్ చేశారు. "భాయ్, శాలువా, మెమెంటో, భోజనాలు మేం చూసుకుంటాం. లింక్డ్‌ఇన్‌లో సార్ గురించి పోస్టు మాత్రం మీరే రాయాలి. ఆయనతో మీ అంత పాతవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు" అన్నారు. హా అనేశాను. నా పని రాయడమే కదా, అరగంటలో అయిపోతుందనుకున్నాను. నాలుగు రోజులూ పట్టింది.

లింక్డ్‌ఇన్ తెలియని అమ్మీలు, ఖాలాలు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. అది ఉద్యోగాలవాళ్ల బజారు. అక్కడ ఎవరి పేరు నొక్కినా ఎక్కడ పనిచేశారు, ఏం చేశారు అన్నది కనిపిస్తుంది. మన పోస్టుని తోటివాళ్లే కాదు, పై అధికారులు, వేరే ఆఫీసులవాళ్లు, రేపు ఆయనకు పని ఇవ్వాలనుకునేవాళ్లు కూడా చూస్తారు. ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గర చెప్పుకునే మాట అక్కడ చెల్లదు. అలాగని ఆఫీసు సర్క్యులర్‌లా రాస్తే ఇరవై ఏళ్ల మొహబ్బత్‌కి అది న్యాయం చేయదు.

మొదటి ముసాయిదా అదే రాత్రి రాశాను. నేను చదివింది ఉర్దూ మీడియం. మా స్కూల్లో హెడ్‌మాస్టర్ సాబ్ రిటైరైనప్పుడు సిపాస్‌నామా చదివారు. బంగారు అంచు కాగితం, అద్దాల ఫ్రేము, ఊపిరి తిప్పుకోకుండా చదవాల్సిన తారీఫులు. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. అక్కడ సన్మాన పత్రం పరిచయమైంది. అందులో సమాసాలు బోగీల్లాగా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఈ రెండు విద్యలూ కలిపి రాసేశాను. మహోన్నత వ్యక్తిత్వం, నిరంతర అక్షర తపస్వి, స్నేహశీలి, క్రమశిక్షణకు మారుపేరు.

రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. తను ఎల్లిపాయలు ఒలుస్తూ మొత్తం విన్నది. "బాగుంది. మా మామూ కరెంటాఫీసులో రిటైరైనప్పుడు కూడా ఇదే చదివారు" అన్నది. అంతే, ఇంకో మాట లేదు. ఇక నాకు నిద్ర పట్టలేదు. సార్ పేరు తీసేసి వేరే పేరు పెడితే ఆ పోస్టు ఎవరికైనా సరిపోతుంది. లైన్‌మన్‌కి, డాక్టరుకి, మా హెడ్‌మాస్టర్ సాబ్‌కి కూడా. ఎవరికైనా సరిపోయేది ఎవరిదీ కాదు. ముబాలిగా ఎంత పెరిగితే మనిషి అంత దూరమైపోతాడు.

అప్పుడు చిన్నప్పుడు విన్న ఒక ఖాకా గుర్తొచ్చింది. ఖాకా అంటే మాటలతో గీసిన మనిషి బొమ్మ. మౌల్వీ అబ్దుల్ హఖ్ సాబ్ 'చంద్ హమ్ అసర్' అనే కితాబులో తనకు తెలిసిన మనుషుల గురించి రాశారు. అందులో పెద్దపెద్ద ఆలిములున్నారు. వాళ్ల మధ్య ఔరంగాబాద్ మఖ్బరా తోటలో పనిచేసిన నామ్‌దేవ్ అనే మాలీ కూడా ఉన్నాడు. తక్కువ కులంగా చూడబడిన పేద మనిషి. మా ఉస్తాద్ ఆ పాఠం చదువుతుంటే క్లాసంతా నిశ్శబ్దమైపోయేది. అందులో నామ్‌దేవ్ గొప్పతనమంతా అతని చేతుల్లో కనిపిస్తుంది. పిల్లల్లేని మనిషి మొక్కల్ని పిల్లల్లా సాకడం, ఒక్కో మొక్క దగ్గర కూర్చొని దాని యోగక్షేమం చూడడం, చివరికి తేనెటీగలు కమ్ముకున్నప్పుడు కూడా పనిలోనే ఉండి ప్రాణం పోగొట్టుకోవడం. చదివినవాడికి ఆ తోట కళ్ల ముందు నిలుస్తుంది. ఏమి చేశాడో చెబితే చాలు, ఎంత గొప్పవాడో చదివేవాడే అనుకుంటాడు. అక్కడ నాకు దారి దొరికింది.

సార్ ఏం చేసేవారు? కాగితం తీసుకొని అది రాయడం మొదలుపెట్టాను.

నేను కోదాడలో కంట్రిబ్యూటర్‌గా చేరినప్పుడు మాది ఇంకా నల్లగొండ జిల్లానే. సూర్యాపేట జిల్లా వచ్చింది 2016 అక్టోబరు 11న. అప్పట్లో వార్త చేత్తో రాసి ఫ్యాక్స్ చేయాలి, తర్వాత డెస్క్‌కి ఫోన్ చేసి అందిందో లేదో అడగాలి. తెలుగులో డిగ్రీ ఉన్నా నా నాలుక ఉర్దూదే. ఉర్దూలో ళ లేదు, ణ లేదు. మన పిల్లలు తెలుగు రాసేటప్పుడు ఎక్కడ తడబడతారో మీ అందరికీ తెలుసు. ఒకరోజు ఒక ఊరి రోడ్డు గురించి రాస్తూ, ఇప్పటికైనా అధికారులు కల్లు తెరవాలని ముగించాను. సార్ ఫోన్ చేశారు. "ఏమయ్యా, వాళ్లు కళ్లు తెరవాలా, కల్లు తెరవాలా? కల్లయితే సాయంత్రం ఎట్లాగూ తెరుస్తారు" అన్నారు. నవ్వారు. నన్ను చూసి కాదు, నాతో కలిసి నవ్వారు. ఆ తేడా ఉర్దూ మీడియం పిల్లవాడికి బాగా తెలుస్తుంది.

అప్పటి నుంచి తప్పు దొరికితే తనే దిద్దేసి ఊరుకోలేదు. ఫోన్ చేసి చెప్పి, నాతో మళ్లీ రాయించేవారు. డెస్క్‌లో అంత తీరిక ఎవరికీ ఉండదు. దిద్దేస్తే అర నిమిషం, నేర్పితే ఐదు నిమిషాలు. ఆయన ఆ ఐదు నిమిషాలూ ఇచ్చేవారు.

నా దగ్గర తను కూడా నేర్చుకునేవారు. రెవెన్యూ వార్త వస్తే "మీ భాష మాట ఇది, అసలు అర్థం చెప్పు" అనేవారు. జమాబందీ, దస్తావేజు, తహసీల్, ఫైసలా. ఖరీఫ్ అంటే అరబ్బీలో శరదృతువు, రబీ అంటే వసంతం అని చెబితే పిల్లవాడిలా సంబరపడ్డారు. కొత్తగా చేరిన సబ్ ఎడిటర్లు ఇలాంటి మాటల్ని తీసేసి సంస్కృతం పెట్టబోతే ఆపేవారు. "రైతు నోట్లో ఏ మాటుందో అదే తెలుగు" అనేవారు. ఆ ఒక్క మాటతో నా తెలుగు కూడా తెలుగే అయిపోయింది.

ఇక ఆ రాత్రి. రెండో ముసాయిదా నిండా అదే ఉంది.

హైవే మీద ప్రమాదం జరిగింది. ఏ ఏడో, ఏ ఊరి దగ్గరో చెప్పను. ఒకరు చనిపోయారు, ఒకరికి పెద్ద గాయాలయ్యాయి. ఇద్దరిదీ ఒకే పేరు. మన ఇళ్లల్లో అది మామూలే, పిలిచేటప్పుడు ఫలానావాళ్ల అబ్బాయి అంటేనే తేడా తెలుస్తుంది. ఆసుపత్రి బయట నిలబడ్డవాళ్లను అడిగి తండ్రి పేరు, వయసు, ఊరు రాసుకొని ఫ్యాక్స్ కొట్టాను. జిల్లా పేజీలు సిటీ పేజీలకంటే ముందే వెళ్లిపోవాలి, వ్యాన్లు దూరం పోవాలి కాబట్టి. అప్పటికే టైమ్ అయిపోవస్తోంది.

సార్ ఫోన్ చేశారు. "తండ్రి పేరు నీకు ఎవరు చెప్పారు?"

"ఆసుపత్రి దగ్గర, సార్."

"ఆసుపత్రి దగ్గరంటే? చెప్పినవాడు చూశాడా, విన్నాడా?"

నా దగ్గర జవాబు లేదు.

"పంచనామా రాసే కానిస్టేబుల్‌ని అడిగావా? లోపలికెళ్లి గాయపడినవాణ్ని చూశావా? వెళ్లు. పేజీ ఆపుతాను."

ఉరికాను. లోపల మంచం మీద ఉన్న కుర్రవాడు స్పృహలోనే ఉన్నాడు. తండ్రి పేరు అడిగితే మెల్లగా చెప్పాడు. నా కాపీలో చనిపోయిన మనిషి తండ్రి పేరు అదే. బతికున్నవాణ్ని నేను చంపేశాను. తెల్లవారితే ఆ పేపరు వాళ్ల ఊరి హోటల్‌కి వెళ్తుంది, ఎవరో చదువుతారు, వాళ్లమ్మకి చెబుతారు. ఎస్టీడీ బూత్ దగ్గర నిలబడి సార్‌కి సరైన పేరు చెబుతుంటే నా చేతులు వణికాయి. ఆయన తిట్టలేదు. పేరు రెండుసార్లు అక్షరం అక్షరం చెప్పించుకొని పెట్టేశారు. పేజీ లేటైంది, వ్యాను లేటైంది. మర్నాడు ఆయన రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అందులో నా పేరు లేదు. నాకు ఈ విషయం రెండేళ్ల తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది.

మన దగ్గర రివాయత్ చెప్పేటప్పుడు ఎవరి నుంచి విన్నావు, ఆయన ఎవరి నుంచి విన్నాడు అని అడుగుతారు కదా. సార్ ఆ కితాబులేవీ చదవలేదు. కానీ ఆ సవాల్ నాకు ఆయనే నేర్పారు.

ఇదంతా రాసి, నా బాకీ తీరింది అనుకున్నాను. పోస్టు చేసే ముందు సార్‌కి వాట్సాప్‌లో పంపాను. మనిషి పేరుతో, ఆయన ఆఫీసు పేరుతో, లోకమంతా చూసేచోట రాస్తున్నప్పుడు ఇజాజత్ తీసుకోవడం అదబ్ కదా. గంట తర్వాత ఫోన్ చేశారు.

"బాగా రాశావయ్యా. కానీ ఇది నా గురించి కాదు, నీ గురించి. 'నేను' ఎన్నిసార్లుందో లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. పదిహేడు.

తర్వాత ఒక్కొక్కటి తీయించారు. మొదట ఆ రాత్రి. "నా పేరుంటుంది, ఆఫీసు పేరుంటుంది. ఎప్పుడు ఏ జిల్లా చూశానో కింద ప్రొఫైల్‌లోనే ఉంటుంది. ఆ చనిపోయిన పిల్లవాడి ఇంటివాళ్లు లెక్కేసుకుంటే దొరికిపోతుంది. మనం మెచ్చుకోళ్లు చెప్పుకోవడానికి వాళ్ల దుఃఖం ఎందుకు?" అన్నారు. నాకు సిగ్గేసింది. అది నా దగ్గరున్న అమానత్, నేను ఖర్చు పెట్టబోయాను. ఇక్కడ మీకు చెప్పొచ్చా అని కూడా అడిగాను. "నా పేరు లేకపోతే, ఊరు లేకపోతే చెప్పు" అన్నారు. అందుకే పేరు లేదు.

తర్వాత సంజాయిషీ సంగతి. "అది రాస్తే మెచ్చుకోలు కాదు, ఫిర్యాదవుతుంది. చదివేవాడు నన్ను వదిలేసి, మేనేజ్‌మెంట్ ఎలాంటిదో అని మాట్లాడుకుంటాడు" అన్నారు. నిజమే. ఒక మనిషిని పొగడడానికి ఇంకొకరిని తగ్గించామంటే, ఆ పోస్టు కింద వచ్చే కామెంట్లన్నీ ఆ రెండోవాళ్ల గురించే వస్తాయి.

చివర్లో నేను జజ్బాతీగా ఒక వాక్యం రాశాను. మోకాళ్ల నొప్పులు తగ్గి, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోవాలని దువా చేశాను. దానికి ఆయన నవ్వారు. "విశ్రాంతి ఎవడు తీసుకుంటానన్నాడయ్యా? పుస్తకాలకు ఎడిటింగ్ చేద్దామనుకుంటున్నా. మోకాళ్లు పనిచేయవని నువ్వు బజార్లో చెబితే నాకు పని ఎవడిస్తాడు?" ఇది నాకు తట్టనే లేదు. ఇంట్లో సెహత్ గురించి అడగడం మొహబ్బత్. ఉద్యోగాల బజార్లో అదే మాట మనిషి దారికి అడ్డుపడుతుంది. రిటైరయ్యే మనిషి పని మానేస్తున్నాడని మనమే అనుకుంటాం, ఆయన్ని అడగం.

ఆయన ఒకటి కలపమన్నారు కూడా. రాత్రిళ్లు పేజీలు పెట్టిన ఆపరేటర్ల సంగతి. "నేను పేజీ ఆపితే వాళ్లూ ఆగారు కదా" అన్నారు.

మూడోసారి రాయడానికి కూర్చున్నాను. లింక్డ్‌ఇన్ పోస్టుకు 3000 క్యారెక్టర్ల హద్దు ఉంది. ఇంగ్లిష్‌వాళ్లకు అది బోలెడు. మన లిపిలో గుణింతం గుర్తు, వత్తు, దానికి ముందు కనిపించని పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. 'స్త్రీ' కంటికి ఒక్క అక్షరం, లెక్కలో ఆరు. ఇంకో సంగతి, ఫోన్లో పోస్టు మొత్తం కనపడదు. మొదటి రెండు మూడు వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆ మూడు వరుసల్ని 'ఎంతో బాధాతప్త హృదయంతో' అంటూ ఖర్చు చేస్తే ఎవరూ నొక్కరు. అందుకని సార్ ప్రశ్ననే మొదట పెట్టాను. ఆ రాత్రి పోయింది, దాని లోపలున్న అలవాటు మిగిలింది. మనుషుల్ని తీసేసి పని పద్ధతిని ఉంచితే ఎవరి గాయమూ బయటపడదు, ఆయన గొప్పతనం మాత్రం తగ్గదు.

పోస్టు ఇది. పేరు ఉన్నచోట ఇక్కడ సార్ అని మార్చాను.

"చెప్పినవాడు చూశాడా, విన్నాడా?

జిల్లా డెస్క్ నుంచి సార్ ఫోన్ వస్తే మొదటి ప్రశ్న ఇదే. మరణ వార్తయితే రెండోసారి కూడా అడిగేవారు. జవాబు లేకపోతే పేజీ ఆగేది. ఆయనతో పనిచేసిన విలేకరులెవరూ ఆ ప్రశ్నకు జవాబు లేకుండా కాపీ పంపడం మానేశారు. ఈ రోజు సార్ ఉద్యోగ విరమణ చేస్తున్నారు.

తప్పు కనిపిస్తే దిద్దేసి ఊరుకునే తీరిక కూడా డెస్క్‌లో ఉండదు. సార్ ఫోన్ చేసి, విలేకరితోనే మళ్లీ రాయించేవారు. ఒకసారి నేను అధికారులు 'కల్లు తెరవాలి' అని రాసి పంపాను. కళ్లకూ కల్లుకూ తేడా ఆ రోజు నేర్చుకున్నాను, మళ్లీ మర్చిపోలేదు.

రైతు వాడే మాటను కొత్త మాటతో మార్చనిచ్చేవారు కాదు. పహాణీ పహాణీగానే, దస్తావేజు దస్తావేజుగానే అచ్చయ్యాయి.

పేజీ ఆగిన ప్రతి రాత్రీ ఆయనతో పాటు ఆగిన ఆపరేటర్లకు కూడా ఈ రోజు కృతజ్ఞతలు చెప్పమన్నారు, చెబుతున్నాం.

సార్ ఇకపై పుస్తకాలకు ఎడిటింగ్ చేయబోతున్నారు. వాక్యం నిజంగానూ, తేటగానూ ఉండాలనుకునే రచయితలు ఆయన్ని కలవచ్చు. షుక్రియా, సార్."

హద్దులో సగం కూడా వాడలేదు. 'నేను' ఒక్కసారే ఉంది. 'షుక్రియా' ఉంచాలా, ధన్యవాదాలు అని మార్చాలా అని కాసేపు ఆలోచించాను. ఆయనకు ఇరవై ఏళ్లుగా నేను చెప్పిన మాట అదే, ఉంచేశాను. ఫొటోకి శాలువా కప్పినది పెట్టలేదు. అందులో వెనక నిలబడ్డ ఆడపిల్లల ముఖాలున్నాయి, వాళ్లను అడగలేదు. కాపీ మీద వంగి ఎర్ర పెన్నుతో దిద్దుతున్న పాత ఫొటో ఒకటి కుర్రాళ్ల దగ్గరుంది, అది పెట్టాను. ఆఫీసువాళ్లు ఆయన విరమణ సంగతి అధికారికంగా ప్రకటించేదాకా ఆగి, ఆ సాయంత్రం పోస్టు చేశాను.

ఎన్ని లైకులొచ్చాయో చెప్పను. కానీ ఒక పాత కంట్రిబ్యూటర్ కింద ఒకే వాక్యం రాశాడు. ఇప్పుడు తన కూతురు స్కూల్లో విన్న కబురు మోసుకొస్తే తను కూడా అదే ప్రశ్న అడుగుతున్నాడట.

రెండో ముసాయిదాను పారేయలేదు. పదిహేడు 'నేను'లతో సహా చేత్తో తిరగరాసి, కవర్లో పెట్టి, సభ అయిపోయాక సార్ చేతికిచ్చాను. అది లోకానికి కాదు, ఆయనకు. బయట కారు దగ్గర నిలబడి అక్కడే చదివారు. చదివినంతసేపూ తలెత్తలేదు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, బానెట్ మీద కాగితం పెట్టి, ఒక్కచోట గీత కొట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఏం దిద్దారు సార్?" అన్నాను.

"ఋణం అని రాశావయ్యా. రుణం చాలు."